కేబుల్ పడుతుంది, ఛార్జింగ్ గుర్తు వస్తుంది, వేగం మాత్రం రాదు: వాట్ల లెక్క ఎక్కడ తెగుతుంది?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌తో 100 వాట్ల టైప్-సి ఛార్జర్ వచ్చింది. దాని కేబుల్ పోయింది. ఇంట్లో ఉన్న ఫోన్ కేబుల్ (రెండు వైపులా సి) పెడితే చక్కగా పడుతోంది, ఛార్జింగ్ గుర్తూ వస్తోంది. కానీ ‘స్లో ఛార్జర్’ అని చూపిస్తోంది. బరువైన పని చేస్తుంటే ఛార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ తగ్గుతోంది. ఛార్జర్ పాడైందా, ల్యాప్‌టాప్ పాడైందా? 240 వాట్ల కేబుల్ కొంటే ల్యాప్‌టాప్‌కి ఏమైనా ప్రమాదమా?

సమాధానం:

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఛార్జరూ ల్యాప్‌టాపూ రెండూ బాగానే ఉన్నట్టు. తేడా కేబుల్‌లో ఉంది. మీ ఫోన్ కేబుల్ 3 ఆంపియర్ల కేబుల్ అయి ఉంటుంది. అలాంటి దాని గుండా మీ ఛార్జర్ 60 వాట్లకు మించి ఇవ్వదు. 5 ఆంపియర్ల కేబుల్ కొనండి. ఇప్పుడు అవి ఎక్కువగా 240 వాట్ల గుర్తుతోనే వస్తున్నాయి. అది పెడితే మళ్లీ 100 వాట్లు వస్తాయి, ల్యాప్‌టాప్‌కి ప్రమాదం లేదు. అయితే కొనేముందు రెండు నిమిషాల్లో అయ్యే పరీక్షలు కొన్ని ఉన్నాయి, అవి కింద రాశాను.

ముందు వాట్ల సంగతి. వాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే సంఖ్య. మీ ఛార్జర్ వెనక సన్నటి అక్షరాల్లో దాదాపు ఇలా రాసి ఉంటుంది:

```
Output: 5V⎓3A, 9V⎓3A, 15V⎓3A, 20V⎓5A
```

ఛార్జర్ ఇవ్వగలిగిన జోడీల పట్టిక అది. వరసగా గుణించుకుంటూ వెళ్తే 15, 27, 45, 100 వాట్లు. పెట్టె మీద పెద్దగా రాసే 100 ఆఖరి జోడీ నుంచి వచ్చింది. అంటే 20 వోల్టుల దగ్గర, 5 ఆంపియర్లు నిజంగా పారితేనే 100 వాట్లు. 3 ఆంపియర్ల దగ్గర ఆగిపోతే 20 × 3 = 60.

ఛార్జర్ మీద, కేబుల్ మీద ఉండే వాట్లు గరిష్ఠ పరిమితులు. 100 వాట్ల ఛార్జర్ అంటే ఎప్పుడూ 100 వాట్లు తోసేది కాదు, అడిగితే అంతవరకు ఇవ్వగలిగేది. 240 వాట్ల కేబుల్ అంటే అంతవరకు మోయగలిగేది. ఎంత కావాలో ల్యాప్‌టాప్ అడుగుతుంది. ఛార్జర్, కేబుల్, ల్యాప్‌టాప్ మూడింట్లో ఎవరి పరిమితి తక్కువైతే ఆ సంఖ్యే చివరికి నిలుస్తుంది. మీ దగ్గర ఛార్జర్ 100, ల్యాప్‌టాప్ 100, కేబుల్ 60. అందుకే 60.

ఇక్కడ సహజంగా వచ్చే అనుమానం: కేబుల్ అంటే తీగలే కదా, దాని పరిమితి ఎంతో ఛార్జర్‌కి ఎలా తెలుస్తుంది? ఈ సంగతి అర్థమైతే మిగతా చిక్కులన్నీ విడిపోతాయి కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

టైప్-సి కనెక్టర్‌లో 24 పిన్నులు ఉంటాయి. కరెంటు మోసేవి, నేల తీగకు చెందినవి, డేటావి కాక, సీసీ అని ఒక పిన్ను ఉంటుంది. మాటలన్నీ దాని మీదే నడుస్తాయి. ఏమీ తగిలించనప్పుడు టైప్-సి ఛార్జర్ కొనలో వోల్టేజీ ఉండదు. అవతలి వైపు ల్యాప్‌టాప్ తగలగానే సీసీ తీగ మీద 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కనిపిస్తుంది. కరెంటు తీసుకునేవాళ్లు ఎవరో వచ్చారని ఛార్జర్ గ్రహించి ముందు 5 వోల్టులు ఇస్తుంది. తర్వాత అదే సీసీ తీగ మీద పవర్ డెలివరీ భాషలో, క్లుప్తంగా పీడీ అంటారు, మాట్లాడడం మొదలుపెడుతుంది.

5 ఆంపియర్లు ఇవ్వగల ఛార్జర్ అయితే మొదట పలకరించేది ల్యాప్‌టాప్‌ను కాదు, కేబుల్‌ను. 5 ఆంపియర్ల కేబుల్ ప్లగ్ లోపల ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉంటుంది. ‘నువ్వెవరు, ఎంత మోస్తావు’ అని ఛార్జర్ అడిగితే ‘నేను 5 ఆంపియర్ల దాన్ని, ఇన్ని వోల్టుల దాకా తట్టుకుంటాను’ అని ఆ చిప్ జవాబిస్తుంది. అప్పుడు ఛార్జర్ తన పట్టిక మొత్తాన్ని ల్యాప్‌టాప్ ముందు పెడుతుంది. ల్యాప్‌టాప్ 20 వోల్టులు, 5 ఆంపియర్లు కావాలని అడుగుతుంది. ఛార్జర్ సరేనని వోల్టేజీ పెంచి, సిద్ధమని కబురు పంపుతుంది. మీరు ప్లగ్ పెట్టి చెయ్యి తీసేలోపే ఇదంతా అయిపోతుంది.

మీ ఫోన్ కేబుల్‌లో ఆ చిప్ ఉండకపోవచ్చు. ఛార్జర్ అడిగిన ప్రశ్నకు జవాబు రాదు. జవాబు రాని ప్రతి సి-సి కేబుల్‌నూ 3 ఆంపియర్లదిగానే చూడాలన్నది నియమం. కాబట్టి ఛార్జర్ తన పట్టికలోని ఆఖరి గడిని 20 వోల్టులు, 3 ఆంపియర్లుగా తగ్గించి చూపిస్తుంది. ల్యాప్‌టాప్‌కి కనిపించేది 60 వాట్ల ఛార్జరే. ‘నాకు కావలసిన దానికన్నా చిన్న ఛార్జర్ పెట్టారు’ అని అది మీకు చెప్తోంది. తప్పు ఎవరిదీ కాదు, అందరూ నియమం ప్రకారమే నడుచుకుంటున్నారు.

ఈ జాగ్రత్త ఎందుకంటే వేడి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 3 నుంచి 5 ఆంపియర్లకు వెళ్తే వేడి 25/9, అంటే దాదాపు 2.8 రెట్లు. 3 ఆంపియర్లకు తయారైన కేబుల్‌లో పోనూ రానూ కలిపి పావు ఓమ్ నిరోధం ఉందనుకోండి. 3 ఆంపియర్ల దగ్గర అందులో 0.75 వోల్టు పడిపోతుంది, కేబుల్‌లో వృథా అయ్యేది 2.25 వాట్లు. అదే కేబుల్‌లో 5 ఆంపియర్లు పంపితే 1.25 వోల్టులు పడిపోయి 6.25 వాట్లు వేడిగా మారుతుంది. అది కేబుల్ పొడవునా సమంగా పరుచుకుంటే కొంత నయమే. కానీ ప్లగ్ లోపల అతుకుల దగ్గర, సన్నటి పిన్నుల దగ్గర పోగైతే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అందుకే తెలియని కేబుల్‌ను 3 దగ్గరే ఆపుతారు.

2021లో వచ్చిన పీడీ 3.1 కూడా ఈ కారణంతోనే ఆంపియర్లను 5 దగ్గరే ఉంచి వోల్టులను పెంచింది. 28, 36, 48 వోల్టులు చేర్చారు. 5తో గుణిస్తే 140, 180, 240 వాట్లు. కేబుల్ మీది 240 అక్కడి నుంచి వచ్చింది. పాత 100 వాట్ల కేబుళ్లు, కొత్త 240 వాట్ల కేబుళ్లు రెండూ 5 ఆంపియర్లవే. కొత్తవి 48 వోల్టులను తట్టుకునేలా తయారవుతాయి, ఆ మాటను వాటి చిప్ చెప్తుంది. మీ ఛార్జర్‌కి పాత 100 వాట్ల కేబుల్ దొరికినా సరిపోతుంది.

ఇప్పుడు మీ బ్యాటరీ ఎందుకు తగ్గుతోందో లెక్క చూద్దాం. ల్యాప్‌టాప్ ముందు తన పనికి కరెంటు వాడుకుంటుంది, మిగిలింది బ్యాటరీకి పంపుతుంది. మామూలు పనిలో 40 వాట్లు వాడుతోందనుకుందాం. 60లో 40 పోతే బ్యాటరీకి దక్కేది 20. బ్యాటరీ 70 వాట్-అవర్లదైతే ఖాళీ నుంచి నిండడానికి మూడున్నర గంటలకు పైనే పడుతుంది. అదే 100 వాట్లు వస్తే మిగిలేది 60, అంటే మూడు రెట్లు. (అంత మొత్తాన్ని బ్యాటరీ చివరిదాకా తీసుకోదు. నిండేకొద్దీ ల్యాప్‌టాపే వేగం తగ్గిస్తుంది. ఆ తగ్గుదల కేబుల్ తప్పు కాదు.) ఇక వీడియో ఎడిటింగ్ లాంటి పనిలో ల్యాప్‌టాప్ 75 వాట్లు లాగుతోందంటే, వచ్చే 60 చాలదు. లోటైన 15 వాట్లు బ్యాటరీ నుంచే తీసుకుంటుంది. ఛార్జర్ పెట్టి ఉండగానే పర్సెంట్ దిగిపోవడం ఇందుకే. పని ఆపేసి మూత వేసి ఉంచితే ఇదే కేబుల్‌తో చక్కగా నిండుతుంది. మీరు గమనించే ఉంటారు.

కొనేముందు ఇవి చూడండి. ఒకసారికి ఒకటే మార్చండి. ఛార్జరూ కేబులూ రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తేలదు.

మొదట ఛార్జర్‌కి ఇంకేమైనా తగిలించి ఉందేమో చూడండి. రెండు మూడు పోర్టులున్న ఛార్జర్ మీద రాసిన 100 ఒక్క పోర్టు వాడినప్పటి లెక్క. రెండో పోర్టులో ఫోన్ పెట్టగానే మొత్తాన్ని 65, 30 లాగా పంచేస్తుంది. లక్షణాలు అచ్చం మీవే ఉంటాయి. ఎలా పంచుతుందో ఛార్జర్ మీదే C1, C2 అని విడివిడిగా రాసి ఉంటుంది. ఫోన్ తీసేసి చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత ల్యాప్‌టాప్‌లో ఇంకో టైప్-సి రంధ్రం ఉంటే అందులో పెట్టండి. సి ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ ఛార్జింగ్ తీసుకోదు. తీసుకునే దాని పక్కన చాలా మోడళ్లలో ప్లగ్ బొమ్మో బ్యాటరీ బొమ్మో ఉంటుంది. అయితే గుర్తులు వేయడంలో కంపెనీలన్నీ ఒకేలా లేవు, మాన్యువల్‌లో చూసుకోవడం మేలు.

ఎన్ని వాట్లు ఖాయమయ్యాయో కొన్ని కంప్యూటర్లు సూటిగా చెప్తాయి. మ్యాక్ అయితే టెర్మినల్‌లో ఇది కొట్టండి:

```
pmset -g ac
```

అందులో Wattage అన్న చోట ఉన్న సంఖ్య ఛార్జర్‌తో కుదిరిన పరిమితి. 100 వాట్ల ఛార్జర్ పెట్టినా అక్కడ 60 కనిపిస్తే కేబుల్ దగ్గర ఆగిందన్నమాట. లినక్స్‌లో `upower -d` కొడితే energy-rate కనిపిస్తుంది, కానీ అది బ్యాటరీలోకి వెళ్లేదో బయటికి వచ్చేదో మాత్రమే, ఛార్జర్ ఇచ్చే మొత్తం కాదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని ‘100 వాట్ల ఛార్జర్ 35 వాట్లే ఇస్తోంది’ అని కంగారుపడేవాళ్లు చాలామంది.

అన్నిటికన్నా నమ్మకమైనది టైప్-సి పవర్ మీటర్. ఛార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టే చిన్న పరికరం, తెర మీద వోల్టులు, ఆంపియర్లు, వాట్లు చూపిస్తుంది. రెండు మూడు పరికరాలు వాడేవాళ్లకు అది కొనదగ్గ వస్తువే. కొన్ని మీటర్లు ఈ-మార్కర్ చిప్‌లో ఏముందో కూడా చదివి చెప్తాయి. కొలిచేటప్పుడు బ్యాటరీ 20 నుంచి 60 శాతం మధ్య ఉండాలి, ల్యాప్‌టాప్‌లో ఏదో బరువైన పని నడుస్తుండాలి. బ్యాటరీ 95 శాతం దగ్గర కొలిస్తే ఎంత మంచి కేబుల్ పెట్టినా 25 వాట్లే కనిపించవచ్చు, ఎందుకంటే అప్పుడు ల్యాప్‌టాప్‌కి అంతకన్నా అవసరం లేదు.

మీటర్ మీద 20 వోల్టులు ఉండి, పని ఎంత పెంచినా కరెంటు 3 ఆంపియర్ల దగ్గర గోడలా నిలబడిపోతే కేబుల్ పరిమితి అది. ఒకే కేబుల్‌తో మరో 100 వాట్ల ఛార్జర్‌లో కూడా అంతే వస్తే ఇక అనుమానం లేదు. 20 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లు దాటుతోందంటే అంతా బాగున్నట్టే. 5 వోల్టుల దగ్గరే ఉండిపోయిందంటే మాత్రం కథ వేరు, అక్కడ పీడీ మాటలే మొదలవలేదు.

ఆ 5 వోల్టుల స్థితి ఎక్కువగా వచ్చేది ఒకవైపు పాత వెడల్పు ప్లగ్, మరోవైపు సి ఉన్న కేబుల్‌తో. టైప్-ఏ అనే ఆ పాత ప్లగ్‌లో సీసీ పిన్ను ఉండదు. కాబట్టి ఆ కేబుల్‌తో పీడీ మాటలు నడవవు. కేబుల్‌లో పెట్టిన 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ‘అవతల ఉన్నది మామూలు పోర్టు’ అని ల్యాప్‌టాప్‌కి చెప్తుంది, అంతే. ఫోన్లతో వచ్చే కొన్ని 67, 80, 120 వాట్ల ఛార్జర్లు ఈ టైప్-ఏ ప్లగ్‌తోనే అంత వేగం ఇస్తాయి. అది ఆ కంపెనీ ఫోనూ ఛార్జరూ తమలో తాము మాట్లాడుకునే సొంత భాష. ల్యాప్‌టాప్‌కి ఆ భాష రాదు. 120 వాట్లని రాసి ఉన్న ఛార్జర్ ల్యాప్‌టాప్‌కి 10 వాట్లు ఇచ్చి ఊరుకోవడం, లేదా అసలు ఛార్జింగ్ మొదలవకపోవడం ఇందువల్లే. సి-సి కేబుల్‌తో వచ్చిన ఫోన్ ఛార్జర్ అయినా సరే, దాని మీద 20V అన్న గడి ఉందా, అక్కడ ఎన్ని ఆంపియర్లు రాశారు అన్నదే చూడండి. పెద్ద సంఖ్యను నమ్మకండి.

65 వాట్ల ఛార్జర్లు ఉన్నవాళ్లకు ఒక మాట. వాటి ఆఖరి గడి 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు. ఆ పావు ఆంపియర్ కోసం కూడా 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. మామూలు కేబుల్‌తో 60 వస్తుంది. తేడా 5 వాట్లే కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు, కొన్ని ల్యాప్‌టాప్‌లు మాత్రం చిన్న ఛార్జర్ పెట్టారని హెచ్చరిస్తాయి. 45 వాట్ల ఛార్జర్లకు ఈ గొడవే లేదు, ఏ సరైన సి-సి కేబులైనా చాలు.

ఇక కేబుల్ కొనడం. ప్లగ్ మీదో పెట్టె మీదో 240W అని గానీ 5A అని గానీ స్పష్టంగా ఉండాలి. 60W అని ఉంటే అది 3 ఆంపియర్లది. ఏమీ రాయకుండా ‘ఫాస్ట్ ఛార్జింగ్’ అని మాత్రమే ఉంటే వదిలేయండి. లావుగా ఉందనో, పైన అల్లిక దారం ఉందనో మోసపోకండి. ఆ లావు అంతా తొడుగే కావచ్చు, లోపల రాగి ఎంత ఉందో బయటికి కనిపించదు.

10Gbps, 20Gbps లాంటివి డేటా వేగాలు, వాట్లతో వాటికి సంబంధం లేదు. ఆ వేగాలిచ్చే సి-సి కేబుళ్లలో ఈ-మార్కర్ తప్పనిసరిగా ఉంటుంది నిజమే, కానీ ఆ చిప్‌లో 3 ఆంపియర్లని రాసి ఉండవచ్చు. ఖరీదైన డేటా కేబుల్ 60 వాట్ల దగ్గర ఆగిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. దీనికి తిరకాసు కూడా ఉంది: 240 వాట్ల ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి డేటా వేగం 480Mbps మాత్రమే, మానిటర్‌కి బొమ్మ కూడా పంపలేవు. మీకు ఛార్జింగ్ ఒక్కటే అవసరమైతే అలాంటిదే తీసుకోండి, తక్కువలో వస్తుంది, మెత్తగా మడత పడుతుంది. డాక్‌కో మానిటర్‌కో కూడా అదే వాడాలనుకుంటే వాట్లూ, డేటా వేగమూ రెండూ విడివిడిగా చూసుకోవాలి.

పొడవు ఒకటి నుంచి రెండు మీటర్లు చాలు. రెండు కేబుళ్లను కలిపే ఎక్స్‌టెన్షన్ ముక్కలు, అయస్కాంతపు కొనలు ల్యాప్‌టాప్‌కి వద్దని గట్టిగా చెప్తాను. చిప్ తన కేబుల్ గురించే జవాబిస్తుంది, మధ్యలో చేరిన ముక్క గురించి దానికి తెలియదు. 5 ఆంపియర్లు సరేనని చెప్పేస్తుంది, వేడెక్కేది ఆ ముక్క. అలాగే చిప్ తీగ మందాన్ని కొలవదు, తనలో రాసిపెట్టింది చదువుతుంది అంతే. తప్పుడు కేబుల్‌లో 5 అని రాసిన చిప్ పెట్టి సన్నటి తీగ వేస్తే ఛార్జర్ కనిపెట్టలేదు. కొత్త కేబుల్ వచ్చాక బరువైన పని పెట్టి పదిహేను నిమిషాలు ఛార్జ్ చేసి రెండు ప్లగ్గులనూ వేళ్లతో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ కేబుల్‌ను వెనక్కి ఇచ్చేయండి.

240 ప్రమాదమా అన్నదానికి: కాదు. ల్యాప్‌టాప్ అడగనిదే ఛార్జర్ 5 వోల్టులు దాటదు, కేబుల్ తనంతట తాను ఏమీ పంపదు. అదే కేబుల్‌ను ఫోన్‌కీ, ఇయర్‌బడ్స్ పెట్టెకీ కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒకవేళ 5 ఆంపియర్ల కేబుల్ పెట్టాక కూడా 60 దగ్గరే ఉంటే, అప్పుడు ఛార్జర్ వెనకున్న పట్టికను మళ్లీ చదవండి. 100 వాట్లని అమ్మినదాన్లో 20V పక్కన 3A ఉందేమో చూడండి. అదీ సరిగ్గా ఉంటే పోర్టులో దూది, దుమ్ము పేరుకుని ప్లగ్ పూర్తిగా లోపలికి వెళ్లడం లేదేమో వెలుతురులో పరిశీలించి, ల్యాప్‌టాప్ ఆపేసి, ఛార్జర్ తీసేసి, పొడి చెక్క పుల్లతో మెల్లగా తియ్యండి. లోహపు పిన్నీసు వాడకండి.

ఇప్పుడున్న ఫోన్ కేబుల్‌ను పారేయనక్కర్లేదు. 60 వాట్ల లోపు అది మంచి కేబులే. రాత్రి ల్యాప్‌టాప్ పక్కన పెట్టేసినప్పుడు దానితోనే ఛార్జ్ చేసుకోవచ్చు. ప్లగ్ దగ్గర చిన్న కాగితం చుట్టి ‘60’ అని రాసి పెట్టుకోండి. కొత్తది వచ్చాక రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.